ఉక్కపోతలో సోడా కాఫీ

మే నెలలో మన కోనసీమ ఉక్కపోతకి వేడి కాఫీ నోట్లో పెట్టబుద్ధి కాదు. పాలు పోసి చల్లార్చినా తాగాక దాహం తీరదు. అందుకే మధ్యాహ్నం పూట సోడాతో చేసుకుంటున్నాను.

చిక్కటి ఫిల్టర్ డికాక్షన్ 40 మి.లీ. తీసి, ఫ్రిజ్‌లో పూర్తిగా చల్లబరచండి. ఎస్ప్రెసో ఉంటే అదే పరిమాణం చాలు. పొడుగు గ్లాసు నిండా ఐసు వేసి, టానిక్ వాటర్ అనే చల్లటి చేదు సోడా 120 మి.లీ. పోయండి. మా ఊళ్ళో టానిక్ దొరకదు కాబట్టి నేను గోళీ సోడాలో రెండు చెంచాల పంచదార పాకం, అర చెంచా నిమ్మరసం కలుపుతాను. డికాక్షన్ ఆఖరున, చెంచా వెనక మీదుగా మెల్లగా జారవిడవాలి. కాఫీ ముందు పోసి దాని మీద సోడా కొడితే నురుగు పొంగి గ్లాసు దాటిపోతుంది. డికాక్షన్ గోరువెచ్చగా ఉన్నా గ్యాస్ పోయి చప్పబడుతుంది.

టానిక్‌లో క్వినైన్ చేదు, పంచదార రెండూ ఉంటాయి. ఆ తీపి కాఫీ చేదుని అణుస్తుంది. సోడా గ్యాస్ నాలుక మీద కాస్త పుల్లగా, చురుక్కుమని తగులుతుంది కాబట్టి చేదు నోట్లో పట్టుకుని ఉండదు. బుడగలు పగులుతూ వాసనని ముక్కుదాకా తెస్తాయి. నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

చికోరీ ఎక్కువున్న పొడితో మాత్రం ఇది కుదరదు, మాడిన పాకం రుచి వస్తుంది. చికోరీ లేని, మరీ నల్లగా వేయించని పొడి వాడండి.