ఆవా అంటే ఆవు కాదు

మా అమ్మది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. మా నాలుగేళ్ల బాబుకి జర్మన్ తప్ప ఇంకేదీ రాదు. తెలుగు నేర్పకపోవడం నా తప్పే. అమ్మ 90 రోజుల వీసా మీద మ్యూనిక్ వచ్చాక, మొదటి పది రోజులు ప్రతి మాటా నేనే అటూ ఇటూ చెప్పాను. దాంతో ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం మానేసి నా మొహం చూసేవారు.

పదకొండో రోజు నుంచి సాయంత్రం ఓ గంట వాళ్లిద్దరినే వంటింట్లో వదిలి పక్క గదిలో కూర్చున్నాను. పొరపాటు వినిపించినా సరిదిద్దకూడదనుకున్నాను.

అమ్మ "కూకో" అంది. జర్మన్‌లో చంటిపిల్లల్ని ఆడించేటప్పుడు మొహం దాచుకుని "కుకుక్" అంటారు. వాడు వెంటనే తలుపు వెనక దాక్కున్నాడు! అమ్మ వెతికి పట్టుకుని, పీట మీద కూర్చోబెట్టి ముద్ద పెట్టింది. ఆ రోజు నుంచి వాళ్లకి "కూకో" అంటే దాక్కో, దొరికాక అన్నం తిను అని.

ఒక్కసారి మాత్రం ఆగలేకపోయాను. వాడు చెవి పట్టుకుని "ఆవా" అని ఏడుస్తుంటే అమ్మ పుస్తకంలో ఆవు బొమ్మ వెతుకుతోంది. జర్మన్ పిల్లలు నొప్పిని "ఆవా" అంటారు. పరుగున వెళ్లి చెప్పాను. నొప్పి, మందు, పొయ్యి విషయాల్లో పెద్దవాళ్లు కలగజేసుకోవాల్సిందే.

ఇప్పుడు ఊరి నుంచి వీడియో కాల్‌లో అమ్మ మోకాలు చూపించి "ఆవా" అంటుంది. వాడు ఫోన్ దగ్గరికి వంగి ఉఫ్ ఉఫ్ అని ఊదుతాడు.