నిప్పు మీద వంట – 3వ పాఠం: వంకాయ, క్యాప్సికం, టమాటా కాల్చి తొక్క తీయడం

పోయిన పాఠంలో అప్పడం, మొక్కజొన్న పొత్తు కాల్చాం. అక్కడ నల్లబడకుండా చూసుకోవడమే పని. ఈసారి కావాలనే మాడుస్తాం, అయితే తొక్క వరకే. వేడికి తొక్క కిందున్న నీరు ఆవిరవుతుంది. గుజ్జు నుంచి తొక్కను విడదీసేది ఆ ఆవిరే. అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు రాగానే దించేస్తే తొక్క వదలదు, గోళ్లతో గీరితే గుజ్జుతో సహా ఊడొస్తుంది.

ఈ పాఠానికి 400 గ్రాముల పెద్ద వంకాయ ఒకటి, క్యాప్సికం ఒకటి, గట్టిగా పండిన టమాటాలు మూడు తీసుకోండి. టమాటా హైబ్రిడ్‌ది అయితే మేలు. నాటు టమాటా పులుపు బాగుంటుంది గానీ మంట మీద త్వరగా పగిలి రసమంతా బర్నర్‌లోకి కారుస్తుంది. స్టవ్ మీద పుల్కా జాలి పెట్టుకోండి, తిప్పడానికి పట్టకారు దగ్గరుంచుకోండి. ఇండక్షన్ స్టవ్‌లో మంటే ఉండదు కాబట్టి దాని మీద ఈ పని కుదరదు.

వంకాయతో మొదలుపెడదాం, దానికే ఎక్కువ సేపు పడుతుంది. సైజుకు తగ్గ బరువు లేకుండా తేలిగ్గా ఉన్న కాయ ఏరుకుంటే గింజలు తక్కువ. కడిగి, తడి పూర్తిగా తుడవండి. తొడిమ తీయొద్దు, తిప్పేటప్పుడు అదే మీకు పిడి. ఒక పక్క నిలువుగా లోతైన గాటు పెట్టి విప్పి చూడండి. పుచ్చు ఉంటే అక్కడే తెలిసిపోతుంది, ఆవిరి పోవడానికి దారీ ఉంటుంది. గాటు లేకపోతే కాయ టప్పున పేలొచ్చు. అర చెంచా నూనె పైన రాస్తే చాలు. ఎక్కువైతే మంట ఎగసి మసి పడుతుంది.

మధ్యస్థమైన మంట మీద పెట్టి, రెండు మూడు నిమిషాలకోసారి తిప్పుతూ 12 నుంచి 15 నిమిషాలు కాల్చండి. మంట పెద్దది చేస్తే పైన బొగ్గయి లోపల పచ్చిగా మిగులుతుంది. పొట్టభాగం మెత్తబడగానే అయిపోయిందనిపిస్తుంది, కానీ తొడిమ దగ్గరి మెడ అన్నిటికంటే చివర ఉడుకుతుంది. కాయను నిలబెట్టి ఆ భాగానికీ మంట తగిలించండి. అక్కడ కత్తి మొన గుచ్చితే అడ్డు లేకుండా దిగాలి. అప్పటికి తొక్క కాగితంలా పెళుసుబారి, కాయ కుంగిపోయి, గాటులోంచి రసం బుడగలు కడుతూ ఉంటుంది. దించి జల్లెడలో పెట్టండి, రసం కిందికి దిగుతుంది. చల్లారాక ఆ రసం రుచి చూడండి. చేదుగా ఉంటే పారబోయండి, లేకపోతే పచ్చడిలో కలుపుకోండి.

వంకాయ చల్లారేలోపు క్యాప్సికం. దీనికి మాత్రం పెద్ద మంట. కండ పలుచన కాబట్టి నిదానంగా కాలిస్తే తొక్క నల్లబడేలోపే మొత్తం మెత్తబడి చేతిలో చిరిగిపోతుంది. ఆరేడు నిమిషాల్లో పైనంతా నల్లబడాలి. ముచ్చిక చుట్టూ ఉండే పల్లాలకు మంట అందదు, పట్టకారుతో వంచి పట్టుకోండి. వెంటనే స్టీలు గిన్నెలో వేసి మూతపెట్టి పది నిమిషాలు వదిలేయండి. ప్లాస్టిక్ కవర్‌లో వద్దు. ఆకుపచ్చవాటికంటే ఎర్ర క్యాప్సికంకి కండ మందం, తొక్క తేలిగ్గా వస్తుంది. మొదటిసారి దాంతో చేయండి.

టమాటాకి మూడు నాలుగు నిమిషాలు చాలు. తొక్క చిట్లి అంచులు చుట్టుకోగానే తీసేయాలి. మూతపెట్టకండి, ముద్దయిపోతుంది. రెండు నిమిషాలాగి, చిట్లిన చోట పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. మధ్యలో మంట పసుపురంగుకు మారిందంటే రసం బర్నర్ కన్నాలకు అడ్డుపడిందని అర్థం. స్టవ్ కట్టేసి, చల్లారాక తుడిచి మళ్లీ వెలిగించండి. ఆ పసుపు మంట మీదే కాలిస్తే కూరగాయకు కమ్మటి వాసన బదులు మసి వాసన పడుతుంది.

ఇక తొక్క తీయడం. కుళాయి కింద పెట్టి కడగడం చాలామంది చేసే పని, తొక్క నిమిషంలో పోతుంది, దాంతోపాటు మనం ఇంతసేపూ తెచ్చిన వాసనా పోతుంది. గ్యాస్ మంటలో కట్టెపొగ ఉండదు కదా, ఆ వాసనంతా మాడిన తొక్క నుంచి, మంటలో పడి కాలిన రసం నుంచి గుజ్జు పైపొరకు పట్టిందే. పక్కన గిన్నెలో నీళ్లు పెట్టుకుని వేళ్లు మాత్రం ముంచుకోండి. వంకాయను తొడిమ పట్టి, మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి పట్టీలుగా లాగండి. క్యాప్సికంని చీల్చి పరిచి, గింజలు తీసేసి, తడిగుడ్డతో తుడవండి. నల్ల చుక్కలు నాలుగు మిగిలితే ఏం కాదు, రుచే. పొరలుపొరలుగా మిగిలితే చేదొస్తుంది. తొక్క అంటుకున్న చోట గీరకుండా, ఆ ముక్కనే మళ్లీ అర నిమిషం మంటకు చూపించండి.

వచ్చే పాఠంలో ఈ గుజ్జుతోనే పచ్చిపులుసు. అంతదాకా మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు ఉంటుంది. ఉప్పు మాత్రం ఇప్పుడే వేయకండి, నీరు వదులుతుంది.