సముద్ర తీరం పొడవును కొలవడం ఎలా? ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లా, 1,053 కిలోమీటర్లా?

ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్లు అని బడిలో బట్టీపట్టిన తరం మనది. కేంద్ర హోం శాఖ 2023-24 వార్షిక నివేదికలో అది 1,053.07 కిలోమీటర్లు అయింది. దేశం మొత్తం తీరం 7,516.6 నుంచి 11,098.81 కిలోమీటర్లకు పెరిగింది. దేశానికి కొత్తగా నేల కలిసిరాలేదు. 1970లలో 1:45,00,000 స్కేలు పటాల మీద కొలిచిన తీరాన్ని ఈసారి 1:2,50,000 స్కేలు ఎలక్ట్రానిక్ నౌకాయాన పటాల మీద కొలిచారు. పెరుగుదలలో ఎక్కువ భాగానికి కారణం అదే. పటం మారితే పొడవు ఎందుకు మారుతుందో పిల్లల జామెట్రీ బాక్సులోని డివైడర్‌తో ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

1. రెండు తీరాలు ఎంచుకోండి

ఒకటి సాఫీగా ఉన్నది, ఇంకొకటి చీలికలు పేలికలుగా ఉన్నది తీసుకుంటే తేడా బాగా తెలుస్తుంది. మొదటిదానికి విశాఖ నుంచి భీమిలి వరకు ఉన్న తీరం సరిపోతుంది. రెండోదానికి కాకినాడకు దక్షిణాన కోరింగ మడ అడవులను మించింది లేదు. అక్కడ ఉప్పుటేర్లు నేలలోకి చొచ్చుకుపోయి, మెలికలు తిరిగి, మళ్లీ చీలుతుంటాయి.

రెండు చోట్ల పటాలనూ కాగితం మీద ముద్రించుకోండి. పటం మీద ఇన్ని కిలోమీటర్లు ఇంత పొడవని చూపే కొలతగీత తప్పకుండా ఉండాలి. అంచున అచ్చేసిన స్కేలు నిష్పత్తిని మాత్రం నమ్మకండి. ప్రింటరు బొమ్మను కాస్త పెంచినా తగ్గించినా ఆ నిష్పత్తి తప్పవుతుంది, కొలతగీత మాత్రం బొమ్మతో పాటే మారుతుంది.

2. డివైడర్‌ను నడిపించండి

కొలతగీత మీద డివైడర్ కాళ్లను సరిగ్గా 4 కిలోమీటర్లకు విప్పండి. ఒక కాలును తీరం మొదట్లో ఆనించి, రెండో కాలును తీరరేఖ తగిలే వరకు తిప్పండి. ఒకటికి మించి చోట్ల తగిలితే తీరం వెంట ముందుగా వచ్చేదాన్నే తీసుకోండి. అక్కడి నుంచి మళ్లీ అడుగు వేయండి. చివరికి పూర్తి అడుగు పట్టకపోతే మిగిలిన ముక్కను కొలతగీతతో కొలిచి కలపండి. అడుగుల సంఖ్యను 4తో గుణించి ఆ ముక్క కలిపితే పొడవు వస్తుంది. ఇదే పనిని రెండో కొస నుంచి కూడా చేసి, రెండింటి సగటు రాసుకోండి. ఎక్కడ మొదలుపెట్టారన్నదాన్ని బట్టి ఫలితం కొంచెం మారుతుంది, పెద్ద అడుగుల దగ్గర మరీ ఎక్కువ.

తర్వాత 2 కిలోమీటర్లు, 1 కిలోమీటరు, అర కిలోమీటరు అడుగులతో తిరిగి కొలవండి. విశాఖ-భీమిలి తీరం పెద్దగా పెరగదు. కోరింగలో ప్రతిసారీ పెరుగుతుంది. 4 కిలోమీటర్ల అడుగు ఒక ఉప్పుటేరు మొగను చూడకుండానే దాటేస్తుంది, అర కిలోమీటరు అడుగు లోపలికి దిగి, అవతలి గట్టు వెంట బయటికి వస్తుంది.

3. ఎంత వేగంగా పెరుగుతోందో లెక్కించండి

ఇంగ్లండ్‌కు చెందిన వాతావరణ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ దేశాల సరిహద్దుల పొడవులను పరిశీలించి ఈ పెరుగుదలలో ఒక క్రమం ఉందని గుర్తించాడు. ఆయన మరణించాక, 1961లో ఆ పని అచ్చయింది. దాన్నే గణితవేత్త బెన్వా మాండెల్‌బ్రాట్ 1967లో ముందుకు తీసుకెళ్లాడు. S1 పెద్ద అడుగు, S2 చిన్న అడుగు, L1, L2 వాటితో వచ్చిన పొడవులు, D తీరం ఎంత మెలికలుగా ఉందో చెప్పే అంకె అనుకుంటే:

```
D = 1 + log(L2/L1) / log(S1/S2)
```

D విలువ 1కి దగ్గరగా ఉంటే తీరం సాఫీ అన్నమాట. అడుగును సగం చేసిన ప్రతిసారీ పొడవు 10 శాతం పెరిగితే D సుమారు 1.14. రిచర్డ్‌సన్ కొలతల ప్రకారం బ్రిటన్ పశ్చిమ తీరానికి ఇది 1.25, దక్షిణాఫ్రికా తీరానికి 1.02.

ఒక దశ దాటాక పెరుగుదల ఉన్నట్టుండి ఆగిపోతే తీరం అక్కడ నునుపుగా ఉందని మురిసిపోకండి. మీ అడుగు పటం గీసినవారి వివరం కన్నా చిన్నదైపోయింది, అంతే. అప్పుడు మీరు కొలుస్తున్నది సముద్ర తీరాన్ని కాదు, పటం గీసినవారు నున్నగా చేసిన గీతను. ఆ దశ తర్వాతి కొలతలను లెక్కలోకి తీసుకోవద్దు.

4. ఇప్పుడు ప్రభుత్వ అంకెలను చదవండి

1:45,00,000 పటంలో ఒక మిల్లీమీటరు నేల మీద నాలుగున్నర కిలోమీటర్లు. 1:2,50,000 పటంలో 250 మీటర్లు. అర కిలోమీటరు వెడల్పున్న ఏరు కొత్త పటంలో 2 మిల్లీమీటర్లుగా స్పష్టంగా కనిపిస్తుంది, పాత పటంలో గీత మందంలోనే కలిసిపోతుంది. అందుకే సుందరబన్స్ ఉన్న పశ్చిమ బెంగాల్ తీరం 157.5 నుంచి 721.02 కిలోమీటర్లకు ఎగబాకింది. కచ్ సింధుశాఖ, ఖంభాత్ సింధుశాఖ ఉన్న గుజరాత్ 1,214.7 నుంచి 2,340.62కు చేరింది. కేరళ మాత్రం 569.7 నుంచి 600.15 దగ్గరే ఆగింది.

పై సూత్రంలో ఆంధ్ర అంకెలు పెట్టి చూద్దాం. పొడవుల నిష్పత్తి 1.08, అడుగుల నిష్పత్తికి బదులు స్కేళ్ల నిష్పత్తి 18. D సుమారు 1.03 వస్తుంది. బెంగాల్‌కు 1.53 వస్తుంది. కానీ ఈ రెండో అంకెను అక్షరాలా తీసుకోవడం పొరపాటని నా అభిప్రాయం. రెండు సర్వేల మధ్య స్కేలుతో పాటు కొలిచే పద్ధతి కూడా మారింది. సాక్ష్యం పుదుచ్చేరి. దాని తీరం 47.6 నుంచి 42.65 కిలోమీటర్లకు తగ్గింది. ఒకే గీతను మరింత సూక్ష్మంగా కొలిస్తే పొడవు పెరగాలి, లేదా అలాగే ఉండాలి. తగ్గిందంటే గీతే మారిందని అర్థం.

5. పటంతో పాటు నియమాలనూ చూడండి

అసలైన పొడవు అంటూ ఒకటి లేదు కాబట్టి అధికార సంస్థలు దాన్ని వెతకవు. కొన్ని నియమాలు పెట్టుకుని, వాటికి కట్టుబడి కొలుస్తాయి. ఏ స్కేలు, ఏ నీటి గీత, దీవులను కలపాలా వద్దా అన్నవి ముందే తేల్చుకుంటాయి. మన కొత్త లెక్కకు 2011 నాటి సమాచారంలోని పోటు నీటి గీత ఆధారం. 11,098.81లో అండమాన్ నికోబార్ వాటా 3,083.5, లక్షద్వీప్ వాటా 144.8. ఆ రెండూ తీసేస్తే ప్రధాన భూభాగానికి 7,870.51 మిగులుతుంది.

అన్నిటికన్నా చిక్కు నియమం నదీముఖాలది. ఒక కిలోమీటరు వెడల్పున్న ఏరు 10 కిలోమీటర్లు లోపలికి వెళ్లిందనుకోండి. మొగ దగ్గరే అడ్డగీత గీసి మూసేస్తే తీరానికి ఒక కిలోమీటరే కలుస్తుంది. రెండు గట్లూ కొలిస్తే 20 కలుస్తాయి. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ఈ చిక్కును దాచకుండా రెండు అంకెలు ఇస్తుంది. చిన్న స్కేలు పటాల మీద పెద్ద అడుగులతో కొలిచిన సాధారణ తీరం 12,383 మైళ్లు. పోటు నీరు వచ్చే పాయలను వాటి వెడల్పు 100 అడుగులకు తగ్గే వరకు లోపలికి వెళ్లి కొలిచిన తీరం 88,633 మైళ్లు. ఏడు రెట్ల తేడా ఉన్నా రెండూ సరైనవే.

కొత్త పట్టికలో తమిళనాడు (1,068.69) ఆంధ్రను దాటి రాష్ట్రాల్లో రెండో స్థానానికి వచ్చింది. తేడా 15.62 కిలోమీటర్లు. ఒకే పద్ధతిలో కొలిచారు కాబట్టి పోల్చడంలో తప్పులేదు. అయితే ఒకటి రెండు ఉప్పుటేర్ల అడ్డగీతలు కాస్త లోపలికి జరిపితే తారుమారు కాగల తేడా ఇది. పాత పట్టికలోని ఒక రాష్ట్రాన్ని కొత్త పట్టికలోని ఇంకొక రాష్ట్రంతో పోల్చడం మాత్రం పూర్తిగా తప్పు. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇలాంటి కలగాపులగం జరిగే వీలుంది. అంకె పక్కన ఏ లెక్కలోదో, స్కేలు ఎంతో, దీవులు కలిశాయో లేదో చూసుకోండి.

తీరం పెరిగింది కాబట్టి మన సముద్ర జలాలూ పెరిగాయనుకోవడం కూడా సరికాదు. ప్రాదేశిక జలాలను, 200 నాటికల్ మైళ్ల ప్రత్యేక ఆర్థిక మండలిని తీరం పొడవుతో లెక్కగట్టరు. వాటికి ఆధారరేఖలు వేరుగా ఉంటాయి. సాధారణంగా ఆటు నీటి గీతను తీసుకుంటారు, తీరం బాగా చీలి ఉన్నచోట ఎంపిక చేసిన బిందువులను సరళరేఖలతో కలుపుతారు. ఉప్పుటేర్ల మెలికలన్నీ ఆ సరళరేఖలకు లోపలే ఉండిపోతాయి.