కొలిచిన దూరాలతో స్థానాన్ని కనుక్కోవడం ఎలా? (ట్రైలేటరేషన్, కనిష్ఠ వర్గాల పద్ధతి)

నిరూపకాలు తెలిసిన కొన్ని స్టేషన్ల నుంచి ఒక తెలియని బిందువుకు దూరాలు కొలిచి, ఆ బిందువు ఎక్కడుందో తేల్చడమే ట్రైలేటరేషన్. ప్రతి దూరమూ స్టేషను చుట్టూ ఒక వృత్తం గీస్తుంది. కొలతల్లో ఎప్పుడూ కాస్త తప్పు ఉంటుంది కాబట్టి, మూడో వృత్తం మొదటి రెండింటి ఖండన బిందువు గుండా సరిగ్గా పోదు. ఆ చిన్న తేడాను అన్ని దూరాలకూ న్యాయంగా పంచే పద్ధతి కనిష్ఠ వర్గాలు. దీన్ని చాలామంది చివరి అంకె రాగానే ఆపేస్తారు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

కావలసినవి

టోటల్ స్టేషను, ప్రిజం, పుస్తకం, ఒక కంప్యూటర్. స్టేషన్లు బిందువు చుట్టూ నలువైపులా ఉండాలి. సమీకరణాల ప్రకారం మూడు చాలు, చాలామంది నాలుగు వాడతారు. నేను అయిదుకు తగ్గితే ఆ పని ఒప్పుకోను. ఎందుకో కింద నాలుగింటి లెక్కలోనే కనిపిస్తుంది.

1. దూరాలను సమతలానికి తేవడం

పరికరం ఇచ్చేది వాలు దూరం. దాన్ని నిలువు కోణంతో క్షితిజ సమాంతర దూరంగా మార్చాలి. స్టేషన్ల నిరూపకాలు పటం గ్రిడ్‌లో ఉంటే స్కేలు గుణకం కూడా వేయాలి. ప్రిజం స్థిరాంకం పరికరంలో సరిగ్గా పెట్టి ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

2. తొలి అంచనా

ఈ వృత్తాల్లో ఏ రెండైనా సాధారణంగా రెండు చోట్ల ఖండించుకుంటాయి. పొలం పటం చూసి సరైన వైపున్న బిందువును ఎంచుకోండి. తొలి అంచనా అర మీటరు తప్పినా పరవాలేదు. స్టేషన్లు దాదాపు ఒకే గీత మీద ఉండి, అంచనా ఆ గీతకు అవతలి వైపు పడితే మాత్రం లెక్క అద్దంలో బొమ్మ లాంటి తప్పుడు చోటికి నిక్షేపంగా చేరుకుంటుంది.

మన ఉదాహరణలో తొలి అంచనా (160, 120). అన్నీ మీటర్లలో:

```
స్టేషను   x     y     కొలిచిన d   లెక్కించిన d   తేడా
ఎ         0     0     200.006     200.000       +0.006
బి       400    50    249.596     250.000       -0.404
సి       310   320    250.143     250.000       +0.143
డి        40   280    200.505     200.000       +0.505
```

తేడా అంటే ఎప్పుడూ కొలిచినది మైనస్ లెక్కించినది. ఈ క్రమాన్ని తారుమారు చేస్తే సవరణ వ్యతిరేక దిశలో పోతుంది, ప్రతి చుట్టులోనూ బిందువు మరింత దూరం జరుగుతుంది.

3. సవరణ లెక్క

ప్రతి స్టేషనుకూ ఒక వరుస రాయాలి. అందులో స్టేషను నుంచి బిందువు వైపు చూపే దిశ ఉంటుంది: `(x - xi)/d`, `(y - yi)/d`. ఎ కి ఇది 0.8, 0.6. డి కి 0.6, -0.8. ఈ వరుసలు మాత్రిక A. తేడాలు సదిశ L. సవరణ కోసం సాధించవలసిన నార్మల్ సమీకరణం `(AᵀA)·δ = AᵀL`. పరికరం కచ్చితత్వం 2 మి.మీ. + కిలోమీటరుకు 2 మి.మీ. అనుకుంటే, 200, 250 మీటర్ల దూరాలకు దోషం దాదాపు ఒకటే. కాబట్టి ఇక్కడ అన్నిటికీ సమాన భారం ఇస్తే సరిపోతుంది. దూరాల్లో ఒకటి కిలోమీటర్లలో ఉంటే దాని భారం తగ్గించక తప్పదు.

```python
import numpy as np
S = np.array([[0,0],[400,50],[310,320],[40,280]], float)
d = np.array([200.006, 249.596, 250.143, 200.505])
p = np.array([160.0, 120.0])
for _ in range(10):
    r = np.linalg.norm(p - S, axis=1)
    A = (p - S) / r[:, None]
    dp = np.linalg.lstsq(A, d - r, rcond=None)[0]
    p += dp
    if np.linalg.norm(dp) < 1e-5: break
print(p, d - np.linalg.norm(p - S, axis=1))
```

మొదటి చుట్టులో సవరణ (+0.3046, -0.4028) వస్తుంది. కొత్త బిందువు (160.3046, 119.5972). ఇక్కడ ఒక తప్పు మళ్లీ మళ్లీ చూస్తుంటాను. రెండో చుట్టుకు పాత దిశలను, పాత దూరాలను అలాగే ఉంచేస్తారు. కొత్త బిందువు నుంచి రెండూ మళ్లీ లెక్కించాలి. అలా చేస్తే రెండో సవరణ మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. సమాధానం (160.305, 119.597) దగ్గర నిలిచిపోతుంది.

వృత్త సమీకరణాలను ఒకదాని నుంచి ఒకటి తీసివేసి, వర్గ పదాలు పోగొట్టి, నేరుగా సాధించే పద్ధతిని కొందరు ఇష్టపడతారు. చుట్లు తిరగనక్కరలేదని వాళ్ల వాదన. కానీ అందులో దూరాలకు బదులు దూరాల వర్గాలు పని చేస్తాయి. దాంతో ఒక మిల్లీమీటరు దోషం పొడవైన దూరంలో ఎక్కువగా, పొట్టి దూరంలో తక్కువగా లెక్కకు వస్తుంది. పైగా ఏ స్టేషన్ను తీసివేతకు వాడారో దాని దోషం మిగతా అన్ని సమీకరణాల్లోకీ పాకుతుంది, ఆ స్టేషను మారిస్తే సమాధానమూ మారుతుంది. తొలి అంచనాకు ఆ పద్ధతి వాడుకోండి, తుది సమాధానానికి వద్దు.

4. శేషాలను చదవడం

ఇక్కడ తొందరపడకండి. తుది బిందువు నుంచి దూరాలు లెక్కించి, కొలిచిన వాటిలోంచి తీసివేస్తే మిగిలేవి శేషాలు. మన ఉదాహరణలో ఎ +3.4, బి +1.0, సి +3.0, డి 0.0 మి.మీ. పరికరం దోషంతో పోలిస్తే ఇవి సహజమైనవే. ఇవే కాస్త పెద్దవైతే ఏం చేయాలన్నదే చిక్కు.

డి దూరాన్ని పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు 200.505 బదులు 200.605 రాశాం అనుకుందాం. ఒక్క అంకె, పది సెంటీమీటర్లు. లెక్క ఏ ఫిర్యాదూ చేయదు, రెండు మూడు చుట్లలో చక్కగా నిలిచిపోతుంది. ఇప్పుడు శేషాలు ఇలా వస్తాయి: ఎ +9, బి +45, సి -19, డి +41 మి.మీ.

పెద్ద శేషం ఎవరిది? బిది. తప్పు ఎవరిది? డిది. కనిష్ఠ వర్గాలు తప్పును దాని సొంత స్టేషను దగ్గరే ఉంచవు. ఆ తప్పుతో రాజీ పడేలా బిందువునే జరుపుతాయి. ఇక్కడ బిందువు దాదాపు 6 సెం.మీ. జరిగింది. బి నుంచి డి వైపు చూస్తే రెండూ బిందువుకు దాదాపు ఎదురెదురు దిక్కుల్లో ఉండటం వల్ల, డి మీది భారం బి మీద పడింది. డి లోని 100 మి.మీ. తప్పులో 41 మాత్రమే దాని సొంత శేషంగా కనిపించింది. నాలుగు దూరాలతో రెండు తెలియనివి కనుక్కుంటే ఏ దూరమైనా తన తప్పులో సగటున సగమే బయటపెడుతుంది.

కాబట్టి, పెద్ద శేషం ఉన్న స్టేషన్ను కొట్టేయడం అనే అలవాటును పూర్తిగా వదిలేయండి. ఒకసారి నేను ఇలాగే ఒక నిర్దోషి స్టేషన్ను మూడుసార్లు తిరిగి కొలిచి, ఒక పూట పోగొట్టుకున్నాను. సరైన పని ఏమిటంటే, ఒక్కో దూరాన్నీ వంతుల వారీగా పక్కన పెట్టి మళ్లీ సాధించడం. డి ని పక్కన పెడితే మిగిలిన మూడు శేషాలూ 5 మి.మీ. లోపే ఉంటాయి. బి ని పక్కన పెడితే ఎ, సి రెండూ పదేసి మిల్లీమీటర్లు దాటతాయి. తేడా కనిపిస్తోంది. కానీ రెండో సందర్భంలో దోషి అయిన డి శేషం 3 మి.మీ. మాత్రమే! దాన్ని ఒక్కదాన్నే చూసేవాళ్లు డి చాలా బాగుందని రాసుకుంటారు. నాలుగు స్టేషన్లతో తేడా ఇంత సన్నగా ఉంటుంది. తప్పు పది సెంటీమీటర్లు కాక రెండు సెంటీమీటర్లే అయితే, పరికరం దోషంలో కలిసిపోయి దోషి ఎవరో తేలదు. అయిదో స్టేషను ఉంటే దోషిని తొలగించాక కూడా ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకోవడానికి నాలుగు దూరాలు మిగులుతాయి. నేను అయిదు కావాలని పట్టుబట్టేది ఇందుకే.

దోషి తేలాక కూడా దాన్ని కొట్టేసి ఊరుకోకండి. పుస్తకం తీసి ఆ అంకె చూడండి, వీలైతే మళ్లీ కొలవండి. కారణం దొరకని తొలగింపును నేను నమ్మను.

శేషాలన్నీ పెద్దవిగా, ఒకే గుర్తుతో వస్తే అది వేరే జబ్బు. ప్రిజం స్థిరాంకం 30 మి.మీ. తప్పుగా పెట్టి, అన్ని దూరాలూ అంత మేర పెరిగాయనుకోండి. మన ఉదాహరణలో శేషాలు ఎ +42, బి +34, సి +22, డి +21 అవుతాయి. అన్నీ ప్లస్. బిందువు మాత్రం 12 మి.మీ. మాత్రమే జరిగింది, ఎందుకంటే నలువైపుల నుంచీ వచ్చిన తోపుడు ఒకదానికొకటి చాలా వరకు చెల్లిపోయింది. అదే స్టేషన్లన్నీ ఒకే వైపు గుంపుగా ఉంటే, ఆ 30 మిల్లీమీటర్లూ బిందువును వాటి నుంచి దూరంగా నెట్టేస్తాయి, శేషాలు ముచ్చటగా చిన్నవిగా వస్తాయి. చిన్న శేషాలు చూసి మురిసిపోవద్దని నేను పదే పదే చెప్పేది ఆ పరిస్థితి గురించే. అలాంటి చోట తప్పు శేషాల్లో కనిపించదు. స్టేషన్ల అమరికను పటం మీద చూసి ముందే పసిగట్టాలి.

5. కచ్చితత్వం రాయడం

శేషాల వర్గాల మొత్తాన్ని అదనపు దూరాల సంఖ్యతో భాగించి వర్గమూలం తీస్తే యూనిట్ దోషం వస్తుంది. ఇక్కడ అదనపు దూరాలు నాలుగు మైనస్ రెండు, అంటే రెండు. సరైన కొలతలతో ఇది 3.3 మి.మీ. దీన్ని AᵀA విలోమంలోని వికర్ణ పదాల వర్గమూలాలతో గుణిస్తే ఎక్స్‌లో 2.2, వైలో 2.5 మి.మీ. దోషం వస్తుంది. రెండే అదనపు దూరాల మీద నిలబడ్డ 3.3 అంత గట్టి సంఖ్య కాదు. కాబట్టి దాని పక్కనే పరికరం తయారీదారు చెప్పిన విలువ కూడా రాయండి. నిరూపకాలతో పాటు స్టేషన్ల సంఖ్య, నాలుగు శేషాలు, పక్కన పెట్టిన దూరం ఏదైనా ఉంటే దాని కారణం కూడా రాయండి. తర్వాత ఆ బిందువును వాడుకునే వాళ్లకు నిరూపకాల కంటే ఆ వివరాలే ఎక్కువ అవసరం పడతాయి.