పెయిన్ పంపు బటన్ పేషెంట్ చేతికే

మోకాలి ఆపరేషన్ కోసం పల్లె నుంచి హైదరాబాద్ వచ్చిన పెద్దావిడ పక్కన కూర్చునేవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి. బటన్ నొక్కితే నరంలోకి నొప్పి మందు ఎక్కించే ఈ పంపు పెట్టకముందే, ఆవిడ పూర్తి మెలకువలో ఉండగా బటన్ ఒకసారి నొక్కించి చూడండి. వేళ్లలో బలం లేకపోతే అప్పుడే సిస్టర్‌కి చెప్పాలి.

లాకౌట్ టైమ్ ఎంతో అడగండి. ఉదాహరణకు ఒక నొక్కుకి 1 మిల్లీగ్రాము మార్ఫిన్, లాకౌట్ 6 నిమిషాలు అనుకుందాం. ఆ లోపు ఎన్నిసార్లు నొక్కినా మందు రాదు, పంపు పాడైందని కంగారు పడక్కర్లేదు. నొప్పి తగ్గకపోతే మాత్రం సిస్టర్‌ని పిలవాలి.

"లాకౌట్ ఉందిగా, నేను నొక్కితే ఏమవుతుంది?" అని కొడుకులు అడుగుతుంటారు. ఇక్కడే చిక్కు. మత్తు ఎక్కువైతే పేషెంట్ నిద్రలోకి జారుకుంటుంది, చెయ్యి బటన్ వదిలేస్తుంది, మందు ఆగిపోతుంది. అసలు రక్షణ అదే. నిద్రలో మూలిగిందని మీరు ప్రతి 6 నిమిషాలకీ నొక్కితే గంటలో 10 మిల్లీగ్రాములు ఎక్కొచ్చు. లాకౌట్ మందుకి మందుకి మధ్య టైమ్ చూస్తుంది గానీ, ఊపిరి ఎలా ఉందో చూడదు.

నిద్రపోతోందని సంబరపడకండి, పిలిచి చూడండి. కళ్లు తెరిచి మాట మధ్యలోనే మళ్లీ తూలిపోతున్నా, కొత్తగా గురక మొదలైనా, నిమిషానికి ఊపిరి పదికి తగ్గినా వెంటనే సిస్టర్‌ని పిలవండి.

మనవడి చేతికి రిమోట్‌లా బటన్ ఇవ్వకండి. ఫిజియోథెరపీకి ఐదు పది నిమిషాల ముందు నొక్కమని ఆవిడకి గుర్తుచేయొచ్చు, నొక్కేది ఆవిడే.