65 వాట్ల అడాప్టర్ పెట్టినా ఫోన్ నెమ్మదిగా ఛార్జ్ అవుతుంటే

సమస్య: శాంసంగ్ ఫోన్ పెట్టెలో ఛార్జర్ లేదు, రెండు వైపులా టైప్-సి పిన్ ఉన్న కేబుల్ మాత్రమే ఉంది. ఫోన్ 45 వాట్ల ఛార్జింగ్‌ను తీసుకుంటుంది కనుక 65 వాట్ల ల్యాప్‌టాప్ అడాప్టర్ సరిపోతుందని తగిలిస్తే, తెరపై `Super fast charging 2.0` రావలసిన చోట వట్టి `Fast charging` అని కనిపిస్తోంది.

బ్యాటరీ 80 శాతం దాటినా, ఫోన్ వేడెక్కినా వేగం తగ్గడం సహజమే కాబట్టి, ఛార్జ్ 30 శాతంలోపు ఉన్నప్పుడు, అడాప్టర్ రెండో పోర్టులో ఏమీ లేకుండా చూసుకొని మరొకసారి పరీక్షించాలి.

కారణం: టైప్-సి అడాప్టర్ తాను ఏయే వోల్టేజీలు ఇవ్వగలదో ముందుగా ఫోన్‌కు తెలియజేస్తుంది, ఫోన్ వాటిలో తనకు కావలసినదాన్ని అడుగుతుంది. అందువల్ల నాణ్యమైన అడాప్టర్ అయితే, వాట్లు ఎక్కువైనంత మాత్రాన ఫోన్ పాడవుతుందని భయపడనక్కరలేదు. అయితే చాలా ల్యాప్‌టాప్ అడాప్టర్లు 5, 9, 15, 20 వోల్టులనే స్థిరమైన మెట్లను మాత్రమే ఇస్తాయి. ఈ రకం ఫోన్ మాత్రం బ్యాటరీ నిండుతున్నకొద్దీ వోల్టేజీని కొంచెం కొంచెంగా మార్చమని అడుగుతుంది. ఆ సౌకర్యాన్నే పీపీఎస్ అంటారు. అది లేని అడాప్టర్‌తో ఫోన్ తక్కువ వేగానికి దిగిపోతుంది.

పరిష్కారం: అడాప్టర్ వెనుక ఉన్న సన్నని అక్షరాలను చదవాలి.

```
Output: 5V⎓3A 9V⎓3A 15V⎓3A 20V⎓3.25A
PPS: 3.3–11V⎓5A
```

రెండో వరుస లేని అడాప్టర్‌ను ఈ ఫోన్ కోసం కొనకూడదు. ఆ వరుస ఉన్నా, 11 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లే రాసి ఉంటే 45 వాట్లు అందవు.

అడాప్టర్ మార్చాక `Super fast charging` వరకే వచ్చి, `2.0` కనిపించకపోతే: ఇక చూడవలసింది కేబుల్‌నే. "60 వాట్ల కేబుల్ 45 వాట్లకు చాలదా?" అనే ప్రశ్న న్యాయమైనదే గాని, ఆ 60 వాట్ల లెక్క 20 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లతో వేసినది. ఫోన్ 10 వోల్టుల దగ్గర 4.5 ఆంపియర్లు అడుగుతుంది. 3 ఆంపియర్ల కేబుల్ అంత కరెంటును మోయదు. 5 ఆంపియర్ల కేబుల్‌లో తన సామర్థ్యాన్ని తెలిపే చిన్న చిప్ ఉంటుంది, అది కనిపించనిదే అడాప్టర్ 3 ఆంపియర్లను దాటదు. కాబట్టి `5A` లేదా `100W`, `240W` అని రాసి ఉన్న, రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌నే తీసుకోవాలి. పాత వెడల్పాటి యూఎస్‌బీ పిన్ ఉన్న కేబుల్‌తో పీపీఎస్ పనిచేయదు.

ఈ లెక్కలేవీ వర్తించని ఫోన్లూ ఉన్నాయి. సొంత ఛార్జింగ్ పద్ధతిని వాడే కొన్ని కంపెనీల ఫోన్లకు పూర్తి వేగం కావాలంటే ఆ కంపెనీ అడాప్టర్‌నూ కేబుల్‌నూ కలిపి కొనక తప్పదు.