మాత్ర వేసుకున్నప్పుడల్లా అదే చోట గుండ్రటి మచ్చ: కారణమైన మందును ఎలా గుర్తించాలి?

మణికట్టు మీదనో, పెదవి అంచునో, తొడ మీదనో రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ. ముందు మంట, దురద. తరువాత ఎర్రగా కందుతుంది, వంకాయ రంగుకు తిరుగుతుంది, ఒక్కోసారి మధ్యలో నీటిపొక్కు కూడా లేస్తుంది. వారం పది రోజుల్లో మంట పోయి బూడిద కలిసిన నలుపు మిగులుతుంది. ఏ పురుగో కుట్టి ఉంటుందని మరిచిపోతాం. కొన్ని నెలల తరువాత అదే చోట, గీత గీసినట్టు అదే హద్దులతో, ఆ మచ్చ మళ్లీ రాజుకుంటుంది. పురుగులు అంత గురి చూసి కుట్టవు. ఇలా జరిగితే ముందుగా అనుమానించవలసింది మీరు వేసుకున్న మాత్రను.

దీనిని వైద్యులు ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు. మందు వల్ల ఒకే చోట స్థిరంగా వచ్చే మచ్చ అని అర్థం. ఫ్రాన్స్‌కు చెందిన చర్మవైద్యుడు బ్రోక్ 1894లో దీనికి ఆ పేరు పెట్టాడు. అప్పట్లో ఆయన చూసిన దోషి యాంటీపైరిన్ అనే జ్వరం మందు. మందులు మారాయి కానీ మచ్చ తీరు మారలేదు.

అదే చోట ఎందుకు? మొదటిసారి మచ్చ వచ్చి తగ్గినప్పుడు, దానికి కారణమైన రోగనిరోధక కణాలు కొన్ని వెళ్లిపోకుండా ఆ చర్మంలోనే, పైపొర అడుగున కాపురం పెడతాయి. ఆ మందు మళ్లీ రక్తంలోకి రాగానే అవి మేల్కొని చుట్టూ ఉన్న చర్మకణాలను దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న కణాల్లోని రంగు కింది పొరలోకి జారి అక్కడే నిలిచిపోతుంది. నలుపు నెలల తరబడి ఉండేది అందుకే. రుద్దితే పోనిదీ అందుకే.

ముందు ఇది అదేనా అని చూసుకోండి

తేల్చి చెప్పేది చోటు, సమయం. మొదటిసారి మందు వాడటం మొదలుపెట్టాక మచ్చ రావడానికి వారం, రెండు వారాలు పట్టవచ్చు. అందుకే ఆ మొదటి సారి ఎవరికీ అనుమానం రాదు. రెండోసారి నుంచి మాత్రం వేగం పెరుగుతుంది: మాత్ర వేసుకున్న అరగంట నుంచి ఎనిమిది గంటల లోపు పాత మచ్చలో చురుకు మొదలవుతుంది, అరుదుగా ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది.

తామరైతే అంచు పొలుసులు కట్టి, మధ్యలో తేటబడుతూ రోజురోజుకూ వెడల్పవుతుంది. మందుతో సంబంధం లేకుండా ఉంటుంది. పెదవి మీదైతే హెర్పిస్‌తో పొరపాటు పడతారు. హెర్పిస్‌లో సన్నటి నీటిపొక్కులు గుత్తిగా లేచి, మానాక సాధారణంగా నల్లమచ్చ మిగలదు. జననాంగాల మీద వస్తే మనుషులు సిగ్గుతో దాచుకుంటారు, లేదా సుఖవ్యాధి అనుకుని భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకుంటారు. ఈ మచ్చలకు బాగా ఇష్టమైన చోట్లలో అది ఒకటని, అది అంటువ్యాధి కాదని తెలిస్తే సగం ఇళ్లలో గొడవ అక్కడే ఆగిపోతుంది.

మంట లేచిన రోజే రాసిపెట్టుకోండి

రెండు రోజులు గడిస్తే జ్ఞాపకం మోసం చేస్తుంది. మచ్చ మేల్కొన్న రోజునే దానిని ఫోనులో ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టి తీస్తే ఇంకా మంచిది. ఆ తరువాత మూడు విషయాలు రాయండి: మంట మొదలైన సమయం, అంతకు ముందు రెండు రోజుల్లో మింగిన ప్రతి మందు, ఒక్కొక్కటి ఏ సమయానికి వేసుకున్నారన్నది.

"ప్రతి మందు" అన్న మాట దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. తలనొప్పి మాత్రను, జలుబు మాత్రను, విరేచనం కావడానికి వేసుకునే గోలీని మందుల లెక్కలో వేయరు. తీరా చూస్తే దొంగ సాధారణంగా వాళ్లలోనే ఉంటాడు. రోజూ వేసుకునే బీపీ మాత్ర కంటే అప్పుడప్పుడూ వేసుకునే నొప్పి మాత్ర, యాంటీబయోటిక్ మీద అనుమానం ఎక్కువగా ఉండాలి, ఎందుకంటే మచ్చ కూడా అప్పుడప్పుడే వస్తోంది. సల్ఫా మందు కలిసిన కోట్రైమాక్సజోల్, డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్ కుటుంబం, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు, పారాసిటమాల్ తరచుగా పట్టుబడేవాటిలో ఉన్నాయి.

పట్టీ మీద పెద్ద అక్షరాల్లో ఉండే వ్యాపార నామాన్ని కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందుల పేర్లు రాయండి. ఒకే మాత్రలో రెండు మూడు మందులు ఉండవచ్చు. అదే మందు పది వేరు వేరు పేర్లతో దొరకవచ్చు. పేరు మారింది కదా అని నిశ్చింతగా వేసుకుని మళ్లీ మచ్చ తెచ్చుకునేవారు చాలామంది.

జాబితా నుంచి ఒక్కొక్కటీ కొట్టేయండి

ఇది ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒకాయనకు జనవరిలో విరేచనాలు పట్టుకున్నాయి. ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర ఐదు రోజులు వాడాడు, జ్వరానికి పారాసిటమాల్ వేసుకున్నాడు. తొమ్మిదో రోజున ఎడమ మణికట్టు మీద మచ్చ. జూన్‌లో మళ్లీ విరేచనాలు. మిగిలిన మాత్ర, దానితోపాటు పారాసిటమాల్, రాత్రి తొమ్మిదింటికి వేసుకున్నాడు. ఒంటిగంటకు మణికట్టు మంటకు మెలకువ వచ్చింది. పాత మచ్చే.

మూడు వారాల తరువాత, జులైలో, పంటి నొప్పికి అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్, ఐబుప్రోఫెన్ వాడాడు. ఏమీ కాలేదు. ఆగస్టులో, అక్టోబరులో జ్వరానికి పారాసిటమాల్ వేసుకున్నాడు. అప్పుడూ ఏమీ కాలేదు. నవంబరులో పన్ను మళ్లీ సలిపింది. అవే మూడు మందులు. నాలుగు గంటల్లో మణికట్టు మచ్చ రాజుకుంది, కింది పెదవి మీద కొత్తది ఒకటి లేచింది.

ఇప్పుడు లెక్క చూడండి. అమాక్సిసిలిన్, ఐబుప్రోఫెన్ జనవరిలోనూ జూన్‌లోనూ లేవు, అయినా మచ్చ వచ్చింది. కాబట్టి అవి కావు. పారాసిటమాల్ నవంబరులో లేదు, పైగా రెండుసార్లు ఒంటరిగా వేసుకున్నా ఏమీ కాలేదు. అదీ కాదు. ఆఫ్లాక్సాసిన్ కూడా నవంబరులో లేదు. మిగిలింది జనవరి, జూన్‌లలోని ఆర్నిడజోల్, నవంబరులోని మెట్రోనిడజోల్. పేర్లు వేరైనా తోకలు చూడండి: రెండూ ఒకే కుటుంబానికి చెందిన అన్నదమ్ములు. కొందరి ఒంట్లో ఒకదానికి రగిలిన మచ్చ రెండోదానికీ రగులుతుంది.

మరి జులైలో మెట్రోనిడజోల్ వేసుకున్నా ఏమీ కాలేదు కదా? ఇదే ఈ జబ్బులో అసలు వల. మచ్చ ఒకసారి రగిలి తగ్గాక, కొన్ని వారాల పాటు, కొందరిలో అంతకంటే ఎక్కువ కాలం, ఆ చోటు అలిసిపోయినట్టు నిద్రపోతుంది. ఆ సమయంలో అదే మందు వేసుకున్నా స్పందించకపోవచ్చు. ఆయన జూన్ తరువాత మూడు వారాలకే వేసుకున్నాడు, బతికిపోయాడు, మెట్రోనిడజోల్‌కు మంచి మందని ముద్ర వేశాడు. మచ్చ తగ్గిన కొద్ది వారాల్లోపు వేసుకున్నప్పుడు ఏమీ కాలేదన్న ఒక్క కారణంతో ఏ మందునూ నిర్దోషిగా వదిలేయకండి. పారాసిటమాల్‌ను నేను నమ్మకంగా కొట్టేసింది ఆగస్టు, అక్టోబరులను చూసి మాత్రమే కాదు, నవంబరు మచ్చలో అది లేదు కాబట్టి.

రుజువు ఇంట్లో చేయకండి

అనుమానం ఒక మందు మీద నిలిచాక, "వేసుకుని చూస్తే పోలేదా" అనిపిస్తుంది. వద్దు. వేసుకున్న ప్రతిసారీ పాత మచ్చ మరింత నల్లబడవచ్చు, కొత్త చోట్ల కొత్తవి పుట్టవచ్చు. ఆయన పెదవికి నవంబరులో జరిగింది అదే. మరీ అరుదుగా ఒళ్లంతా పెద్ద మచ్చలు, నీటిపొక్కులు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

మీ జాబితా, ఫొటోలు, పట్టీలు తీసుకుని చర్మవ్యాధి నిపుణుల దగ్గరికి వెళ్లండి. మచ్చ పూర్తిగా చల్లారి కొన్ని వారాలు గడిచాక వారు అనుమానిత మందును పెట్రోలియం జెల్లీలో కలిపి పాత మచ్చ మీద, పోలికకు వీపు మీద మామూలు చర్మానికి అంటించి, ఒకటి రెండు రోజులు చూస్తారు. పాత మచ్చ మీద మాత్రమే ఎర్రబడితే మందు దొరికినట్టు. మచ్చ లేని చోట మాత్రమే పరీక్ష చేస్తే సాధారణంగా ఏమీ కనిపించదు, కాపలా కణాలు అక్కడ ఉండవు కదా. ఈ పరీక్షలో ఏమీ రాకపోయినా మందు నిర్దోషి అని తేలదు. అవసరమైతే వైద్యుల కళ్లెదుట చిన్న మోతాదుతో మొదలుపెట్టి మింగించి చూస్తారు. ఒళ్లంతా పొక్కులు వచ్చిన చరిత్ర ఉన్నవారికి అది కూడా చేయరు.

ఈలోగా మచ్చకు ఏం చేయాలి?

ముందు అనుమానిత మందు ఆపాలి. అది రోజూ వాడక తప్పని మందైతే సొంతంగా ఆపకుండా, రాసిన వైద్యులకు అదే రోజు చెప్పండి. మంట, దురద ఉన్న కొద్ది రోజులు వైద్యులు స్టెరాయిడ్ పూత, దురద తగ్గించే మాత్ర ఇస్తారు. పొక్కును చిదమకండి. నలుపు పోవడానికి ఆ పూతను నెలల తరబడి రాయడం దండగ, పైగా చర్మం పలచబడుతుంది. రంగు ఉన్నది లోపలి పొరలో. మందు మళ్లీ తగలకపోతే అది నెలల మీద, ఒక్కోసారి సంవత్సరాల మీద దానంతట అదే వెలుస్తుంది.

జ్వరం, కళ్లు ఎర్రబడటం, నోట్లో పుండ్లు, ఒంటి మీద చాలాచోట్ల పొక్కులు, చర్మం ఊడటం, ముఖం వాయడం, ఆయాసం వీటిలో ఏది కనిపించినా ఇంట్లో కూర్చుని జాబితాలు రాయవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చివరగా ఒక చీటీ

మన ఉదాహరణలోని ఆయనకు పరీక్షలో ఆర్నిడజోల్, మెట్రోనిడజోల్ రెండూ పాత మచ్చను ఎర్రబరిచాయి. ఆఫ్లాక్సాసిన్‌ను వైద్యుల సమక్షంలో వేసుకున్నాడు, ఏమీ కాలేదు. ఆయన పర్సులో ఇప్పుడున్న చీటీ మీద ఇలా రాసి ఉంది: "మెట్రోనిడజోల్, ఆర్నిడజోల్, టినిడజోల్, సెక్నిడజోల్ ఇవ్వవద్దు. ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్, ఎడమ మణికట్టు, కింది పెదవి." చివరి రెండు మందులు ఆయన ఎప్పుడూ వాడలేదు, అదే కుటుంబానివి కాబట్టి వైద్యులే చేర్చారు. దాని ఫొటో ఒకటి ఫోనులో, ఒకటి భార్య ఫోనులో ఉంది. పంటి వైద్యుడి కుర్చీలో నోరు తెరిచాక మందు పేర్లు చెప్పడం కష్టం కాబట్టి, కూర్చోకముందే చీటీ చేతికిస్తాడు.